ట్యాంకులో నూనె పోస్తే మిగిలేదెంత?

2000 దశకం తొలి ఏళ్లలో ఆదిలాబాద్ జిల్లాలోని చల్పడి అనే గిరిజన గ్రామంలో కానుగ నూనెతో డీజిల్ జనరేటర్లు నడిపి ఇళ్లకు కరెంటు ఇచ్చారు. అందులో పెద్ద వింతేమీ లేదు. 1900లో పారిస్ ప్రదర్శనలోనే ఒక డీజిల్ ఇంజన్ వేరుశనగ నూనెతో నడిచింది. ఇంజన్ నడుస్తుందా అన్న సందేహం ఆనాడే తీరిపోయింది. ఎన్ని గంటలు నిలకడగా నడుస్తుందన్నదే ఇప్పటికీ తేలాల్సిన సంగతి.

చిక్కంతా నూనె చిక్కదనంలో ఉంది. మామూలు ఎండాకాలపు వేడిలో కూడా నూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కగా ఉంటుంది. ఇంజెక్టర్ నాజిల్ రంధ్రాల నుంచి డీజిల్ పొగమంచులా చిమ్ముతుంది. చల్లటి నూనె అంత సన్నగా చీలదు, బొట్లుబొట్లుగా పడుతుంది. పెద్ద బొట్టు పూర్తిగా కాలదు. కాలకుండా మిగిలింది నాజిల్ మూతి చుట్టూ మసిగా గట్టిపడుతుంది, పిస్టన్ రింగులను పట్టేస్తుంది. ఇంకొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అన్నిటికంటే ప్రమాదం ఇదే: ఆ ఆయిల్ క్రమంగా జిగురులా మారి బేరింగులకు అందకుండా పోతుంది.

లోడు తక్కువగా ఉన్నప్పుడు, ఊరికే ఐడిల్‌లో వదిలేసినప్పుడు ఈ మసి ఎక్కువ పేరుకుంటుంది.

2000 దశకం మొదట్లో జర్మనీ ప్రభుత్వం దాదాపు వంద ట్రాక్టర్లను రేప్‌సీడ్ నూనెకు మార్పించి, కొన్నేళ్లు పొలాల్లో నడిపించి గమనించింది. సగానికి పైగా పెద్ద ఇబ్బంది లేకుండా పనిచేశాయి. మిగతావాటిలో ఇంజెక్షన్ పంపులు, ఇంజన్లు దెబ్బతిన్నవి ఉన్నాయి. నూనె నాణ్యత, ఇంజన్ ఆయిల్‌ను తరచూ మార్చడం ఎంత ముఖ్యమో ఆ అనుభవం చూపింది.

సరిగా చేసేవాళ్లు రెండు ట్యాంకులు పెడతారు. డీజిల్‌తో స్టార్టు చేసి, ఇంజన్ వేడినీళ్లతో నూనె 70-80 డిగ్రీలకు కాగాక దానికి మారతారు. ఆపే ముందు కొన్ని నిమిషాలు మళ్లీ డీజిల్ నడిపి పైపులను, ఇంజెక్టర్లను కడిగేస్తారు. ఈ చివరి పని మరిస్తే పొద్దున్నే ఇంజన్ మొరాయిస్తుంది. గానుగ నుంచి వచ్చిన నూనెను రోజుల తరబడి తేర్చి వడకట్టకపోతే, దానిలోని జిగురు ఫిల్టర్‌ను త్వరగా పూడ్చేస్తుంది. లోడు వేయగానే ఇంజన్ నీరసించిందంటే ముందు ఫిల్టర్ చూడాలి. ఫిల్టర్ మార్చినా నల్లపొగ తగ్గకపోతే నాజిళ్లు విప్పి స్ప్రే పరీక్షించాలి.

ఇక లెక్క. డీజిల్ లీటరు ₹95, నూనె ₹80 అనుకుందాం. నూనెలో శక్తి కొంచెం తక్కువ కనుక లీటరు డీజిల్ చేసే పనికి సుమారు 1.06 లీటర్లు కావాలి, అంటే ₹85. మిగిలేది లీటరుకు ₹10. గంటకు లీటరు తాగే పంపుసెట్ వంద గంటలు నడిస్తే ₹1,000 ఆదా. అదే వంద గంటల్లో ఒక ఫిల్టరు, గడువుకు ముందే మార్చిన ఇంజన్ ఆయిల్, నాజిల్ శుభ్రం చేయించిన కూలి కలిస్తే ఆ వెయ్యి దాదాపు కరిగిపోతుంది. సొంత చెట్ల గింజలు సొంత గానుగలో ఆడించుకునే రైతుకు నూనె ₹50కే పడితే మాత్రం ఆదా ₹4,000 దాటుతుంది. అప్పుడు కూడా పాత తరహా పంపున్న ఇంజన్‌లోనే పోయాలి. సీఆర్‌డీఐ ఇంజన్లలో పీడనం మరీ ఎక్కువ, రంధ్రాలు మరీ సన్నం. అక్కడ ఒక్క ఇంజెక్టర్ పోయినా ఏడాది ఆదా ఆ ఒక్క బిల్లుకే చాలకపోవచ్చు.