మొదటి ప్రయాణానికి రెండు గదులు

హైదరాబాద్‌లో ఒక కుటుంబం ఉందనుకుందాం. ఆయనకు 12 ఏళ్ల కూతురు, తల్లి లేదు. ఆమెకు 9 ఏళ్ల కొడుకు, విడాకులయ్యాక ఆదివారాలు తండ్రి దగ్గరికి వెళ్లి వస్తుంటాడు. వీళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నాక వచ్చిన మొదటి సెలవులివి. విశాఖ మీదుగా అరకు వెళ్లాలని ఉంది.

టికెట్ల కంటే ముందు చూడాల్సింది కోర్టు ఉత్తర్వు. సెలవుల్లో బాబు తండ్రి దగ్గర ఉండాల్సిన రోజులు అందులో ఉంటే ప్రయాణం వాటికి అడ్డురాకూడదు. నాన్నతో గడిపే రోజులు కోల్పోయి వచ్చిన పిల్లాడికి ఆ కోపం ఎవరిమీద చూపాలో తెలియక, పక్కనున్న అక్క మీద చూపిస్తాడు. రైల్లో అతనికి బెర్తు లేకుండా సగం టికెట్ దొరుకుతుంది గానీ, పూర్తి డబ్బు కట్టి బెర్తు తీసుకోవడమే మంచిది. అలిగినప్పుడు ముసుగుతన్ని పడుకోవడానికి తనదంటూ ఒక చోటుండాలి కదా!

అరకులో రెండు రాత్రులు చాలు, గదులు మాత్రం రెండు కావాలి. మొదటిసారి తండ్రీకూతుళ్లు ఒక గదిలో, తల్లీకొడుకులు ఇంకో గదిలో పడుకోవడం మేలు. కొత్త దంపతులకు ఇది రుచించకపోవచ్చు. కానీ పగలంతా కొత్తవాళ్ల మధ్య మసిలిన పిల్లలకు రాత్రి తమవాళ్లు ఒక్కరే దొరికితే మనసులో మాట బయటికొస్తుంది.

ఇలాంటి కుటుంబాలతో దశాబ్దాలుగా పనిచేస్తున్న అమెరికన్ మనస్తత్వవేత్త ప్యాట్రీషియా పేపర్నో, ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం కన్నా పక్కపక్కన చేసే పనులే దగ్గర చేస్తాయంటారు. విశాఖ నుంచి అరకు వెళ్లే పగటి రైలు అందుకు బాగా కుదురుతుంది. ఇద్దరి చూపూ కిటికీ బయటే ఉంటుంది. దారిలో చాలా సొరంగాలు వస్తాయి. ఒకరు లెక్కపెడుతుంటే ఇంకొకరు కాగితం మీద గీతలు గీయొచ్చు. విసుగొస్తే ఎవరైనా మధ్యలో మానేయొచ్చు, ఆట చెడదు. బొర్రా గుహల్లో ఒకరి చేతికి టార్చి, ఇంకొకరికి కెమెరా ఇస్తే సరి. గెలుపోటములుండే ఆటలు, ముఖ్యంగా ‘మీ జట్టు, మా జట్టు’ అని విడిపోయేవి, ఈసారికి వద్దు.

ఇద్దరూ మధ్యాహ్నమంతా కలిసి నవ్వి, సాయంత్రానికి ఒకరు ముభావంగా మారితే పెద్దలు కంగారుపడతారు. చాలాసార్లు అది పోట్లాట కాదు. ఇక్కడ సంతోషంగా ఉంటే అక్కడ నాన్నకు ద్రోహం చేసినట్టేమో అన్న దిగులు. అప్పుడు “ఏమైందిరా?” అని నలుగురిలో నిలదీయకుండా తల్లి అతన్ని ఒక్కడినే కాఫీ తోటల వైపు నడకకు తీసుకెళ్లాలి. నాన్నకు రోజూ ఒకే వేళకు ఫోన్ చేయించాలి. పాపకు అమ్మ గుర్తొచ్చి మాటెత్తితే, కొత్తగా వచ్చినావిడ మాట మార్చకుండా వినాలి. తనను ఏమని పిలవాలన్నది పాపకే వదిలేయాలి.

నలుగురూ కలిసి దిగిన ఫొటోను వాట్సాప్‌లో పెట్టేముందు పిల్లలిద్దరినీ అడగాలి. దాన్ని చూసేవాళ్లలో పాప అమ్మమ్మ కూడా ఉంటుంది.