కోర్ స్విచ్ మార్పిడి: మార్పు అభ్యర్థన పత్రంలో పరీక్షలు, రోల్‌బ్యాక్ గడువు

ఉపోద్ఘాతం

ఒక సంస్థలోని కంప్యూటర్లన్నింటినీ కలిపే వలయానికి కేంద్రస్థానంలో ఉండే పరికరం కోర్ స్విచ్. ప్రతి భవనంలోని చిన్న స్విచ్ నుంచి వచ్చే ఫైబర్ తీగ దీనికే చేరుతుంది. దీనిని మార్చవలసి వచ్చినప్పుడు సంస్థ మొత్తం కొన్ని గంటలపాటు స్తంభిస్తుంది. అందువల్ల ఈ పనిని వారాంతంలో, ముందుగా ఆమోదించిన వ్యవధిలో, లిఖితపూర్వకమైన మార్పు అభ్యర్థన ఆధారంగా చేస్తారు. పనిని ఆపి పాత స్థితికి మరలడాన్ని రోల్‌బ్యాక్ అంటారు. ఆ నిర్ణయానికి గడువు ఎలా నిర్ణయించాలో, ఏ పరీక్షలు దానికి ఆధారమవుతాయో ఒక ఊహాత్మక ఉదాహరణ ద్వారా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణ

తెనాలి–రేపల్లె రైలు మార్గంలోని జంపని పరిసరాలలో ఒక కళాశాల ప్రాంగణం ఉన్నదనుకుందాం. దాని కోర్ స్విచ్‌కు 24 ఫైబర్ తీగలు చేరుతున్నాయి. గ్రంథాలయానికి, ప్రయోగశాల భవనానికి కోర్ నుంచి విడివిడిగా తీగలున్నాయి. ఒకటి తెగినా పని ఆగకుండా ఆ రెండు భవనాల మధ్య మరో తీగ కూడా ఉంది. శనివారం రాత్రి 10 గంటల నుంచి ఆదివారం ఉదయం 6 గంటల వరకు పనికి అనుమతి లభించింది. అర్ధరాత్రి ఒక విడిభాగం అవసరమైతే అది విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో రావాలి. తెల్లవారేలోపు అది చేరుతుందన్న భరోసా లేదు. కాబట్టి ఇక్కడ నమ్మదగిన ఆధారం పాత స్విచ్ ఒక్కటే.

పనికి ముందు నమోదు చేయవలసిన స్థితి

మార్పు తరువాత వలయం సరిగా ఉందో లేదో చెప్పాలంటే, మార్పుకు ముందు అది ఎలా ఉండేదో తెలియాలి. సిస్కో స్విచ్ అయితే తీగలు విప్పకముందే ఈ ఆదేశాల ఫలితాలను భద్రపరుస్తారు:

```
show interfaces status
show spanning-tree root
show ip arp
show mac address-table count
```

ఏయే పోర్టులు పనిచేస్తున్నాయి, వలయానికి మూలస్థానం ఏది, ఎన్ని పరికరాల చిరునామాలు కనిపిస్తున్నాయి అన్న విషయాలు ఇందులో తెలుస్తాయి. పనికి ముందే మూగబోయిన పోర్టును గుర్తించకపోతే, దానిని కొత్త స్విచ్ లోపంగా భావించి ఒక గంట వృథా చేసే ప్రమాదం ఉంది. ప్రతి తీగకు రెండు కొసల్లోనూ పాత పోర్టు సంఖ్య, కొత్త పోర్టు సంఖ్య రాసిన చీటీ అంటించడం కూడా ఈ దశలోనే జరగాలి. వెనక్కి మరలేటప్పుడు ఆ చీటీలే దారి చూపుతాయి.

పింగ్ పరీక్ష పట్టుకోలేని లోపం

గ్రంథాలయం, ప్రయోగశాల, కోర్ మూడూ ఒక త్రిభుజంగా ఉన్నాయి. అందులో సమాచారం అంతులేకుండా తిరగకుండా స్పానింగ్ ట్రీ అనే విధానం ఒక తీగను నిరోధిస్తుంది. ఏ తీగను నిరోధించాలన్నది మూల స్విచ్‌ను బట్టి ఉంటుంది. ప్రాధాన్య సంఖ్య తక్కువగా ఉన్న స్విచ్ మూలమవుతుంది. సంఖ్యలు సమానమైతే హార్డ్‌వేర్ చిరునామా తక్కువగా ఉన్నది మూలమవుతుంది. కోర్ మూలంగా ఉన్నంతకాలం గ్రంథాలయ–ప్రయోగశాల తీగ నిరోధితమై ఉంటుంది. ఇది సరైన స్థితి.

ప్రాధాన్య సంఖ్య సహజంగా 32768 ఉంటుంది. కొత్త కోర్‌లో దానిని తగ్గించడం మరచిపోతే, గ్రంథాలయంలోని పాత స్విచ్ మూలం కావచ్చు. అప్పుడు కోర్‌కు, ప్రయోగశాలకు మధ్యనున్న తీగ నిరోధితమవుతుంది. ప్రయోగశాల సమాచారమంతా గ్రంథాలయం మీదుగా ప్రవహిస్తుంది. ఆదివారం పింగ్ చేస్తే అన్నీ సమాధానమిస్తాయి. సోమవారం విద్యార్థులు ఒకేసారి పని మొదలుపెట్టినప్పుడు మాత్రమే మందకొడితనం బయటపడుతుంది. దీనిని రాత్రే తెలుసుకోవాలంటే ప్రయోగశాల స్విచ్‌లో `show spanning-tree root` ఆదేశమిచ్చి, అందులో కనిపించే మూల చిరునామా కొత్త కోర్‌దేనా అని చూడాలి. కోర్‌లో ముందుగానే ఇవ్వవలసిన ఆదేశం ఇది:

```
spanning-tree vlan 1-100 priority 4096
```

స్పానింగ్ ట్రీ అదుపు తప్పితే పరిణామం ఎంత తీవ్రంగా ఉంటుందో 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్య కేంద్రంలో తెలిసింది. స్పానింగ్ ట్రీ పరిమితిని మించి పెరిగిన అక్కడి వలయం కుప్పకూలి, ఆసుపత్రి కొన్ని రోజులపాటు కాగితాలపై పనిచేయవలసి వచ్చింది.

రెండవ పరీక్ష చిరునామాలకు సంబంధించినది. కొత్త కోర్ పాత ఐపీ చిరునామానే తీసుకున్నా దాని హార్డ్‌వేర్ చిరునామా వేరు. ఇంటర్నెట్ సేవాదాత రూటరు పాత చిరునామాను జ్ఞాపకం ఉంచుకోవచ్చు. సిస్కో రూటర్లలో ఆ వ్యవధి సహజంగా 4 గంటలు. లోపలి వలయం చక్కగా ఉండి బయటి సంబంధం మాత్రమే లేకపోతే, స్విచ్‌ను అనుమానించేముందు ఆ రూటరు జ్ఞాపకాన్ని తొలగింపజేయాలి. సేవాదాత రాత్రి సంప్రదింపు సంఖ్య పత్రంలో ఉండవలసింది ఇందుకే.

రోల్‌బ్యాక్ గడువు లెక్క

గడువును చివరి నుంచి వెనక్కి లెక్కించాలి. 24 తీగలను పాత పోర్టులకు మార్చడానికి ఒక్కొక్కదానికి 3 నిమిషాల చొప్పున 72 నిమిషాలు, స్విచ్ స్థితిని సరిచూడడానికి మరో 18 నిమిషాలు. మొత్తం 90 నిమిషాలు. ఆ తరువాతి పరీక్షలకు 30, అనుకోని ఆటంకాలకు 30 నిమిషాలు కలిపితే రెండున్నర గంటలు. 6 గంటల నుంచి ఇది తీసివేస్తే తెల్లవారుజామున 3:30 వస్తుంది. ఆ సమయానికి తప్పనిసరి పరీక్షల్లో ఒక్కటి విఫలమై ఉన్నా వెనక్కి మరలాలి. కారణం దాదాపు దొరికిందన్న ఆశతో గడువు దాటితే, ఆ తరువాత మరలడానికి చోటే ఉండదు. అందుకే నిర్ణయాధికారి తీగలు మార్చే వ్యక్తి కాకూడదని, అతని పేరు ముందే పత్రంలో ఉండాలని నియమం.

ఈ లెక్క నిలవాలంటే పాత స్విచ్ ర్యాక్‌లోనే, విద్యుత్తుతో నడుస్తూ ఉండాలి. దానిని విప్పి తీసివేస్తే బిగింపునకు, ఆరంభానికి పట్టే సమయం కూడా 90 నిమిషాలకు చేరుతుంది. అయితే రెండు స్విచ్‌లూ ఒకే ఐపీ చిరునామాతో ఉంటాయి కనుక వాటిని పరస్పరం కలపరాదు.

వలయంతో సంబంధం లేకుండా స్విచ్‌ను చేరే కన్సోల్ తీగ కూడా సిద్ధంగా ఉండాలి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం ఆ సంస్థ ప్రధాన వలయాన్ని తెంచివేసింది. మరమ్మతుకు వాడే సాధనాలు కూడా అందుబాటులో లేకుండా పోయి, పునరుద్ధరణకు దాదాపు 6 గంటలు పట్టింది.

సోమవారం వరకు ముగియని పని

ఆదివారం పరీక్షలు ఖాళీ వలయంపై జరిగేవి. నిజమైన భారం సోమవారం ఉదయం పడుతుంది. కాబట్టి పాత స్విచ్‌ను కనీసం ఒక వారం కదల్చరాదు. ఆ వారంలో కొత్త స్విచ్‌లో చేసిన ప్రతి మార్పూ రాసిపెట్టాలి. లేకపోతే తరువాత పాత స్విచ్‌కు మరలినప్పుడు ఆ మార్పులు మాయమవుతాయి. చేర్చిన కొత్త విభాగమేదైనా కారణం తెలియకుండానే ఆగిపోతుంది. వారం గడిచి, నమోదైన తొలి స్థితితో కొత్త ఫలితాలు సరిపోలిన తరువాతనే అభ్యర్థన పత్రాన్ని ముగించాలి.