పదానికి మిగిలే యాభై పైసలు

బీమా పాలసీ పత్రం ఒకటి ఇంగ్లీషు నుంచి తెలుగు చేయాలి. 20,000 పదాలు, గడువు వారం. ఒక్కరే కూర్చుంటే రోజుకు 2,500 పదాలు దాటితే నాణ్యత జారిపోతుంది కాబట్టి ఎనిమిది రోజులు పడుతుంది. తిరిగి చదువుకోవడానికి ఇంకో రోజు కావాలి. అప్పటిదాకా ఒంటరిగా పనిచేసిన నేను మొదటిసారి పని పంచింది ఇలాంటి చోటే.

పత్రాన్ని రెండు ముక్కలు చేసి ఇద్దరికి ఇచ్చాను. ఇద్దరూ మంచి అనువాదకులే. ఎడిటర్‌కి ఇవ్వాల్సిన డబ్బు మిగుల్చుకుని, చివర్లో నేనే ఓసారి చూసి పంపించాను. పత్రం తిరిగొచ్చింది. ప్రీమియం కట్టకపోతే పాలసీ ‘ల్యాప్స్’ అవుతుందన్న చోట ఒకరు ‘రద్దవుతుంది’ అన్నారు, మరొకరు ‘చెల్లుబాటు ఆగిపోతుంది’ అన్నారు. ఇది మాటల తేడా మాత్రమే కాదు. ల్యాప్స్ అయిన పాలసీని బకాయి కట్టి, షరతుల ప్రకారం మళ్లీ పునరుద్ధరించుకోవచ్చు. రద్దయిందని చదివినవాళ్లు ఆ ప్రయత్నమే చేయరు. తప్పు ఆ ఇద్దరిదీ కాదు, ఏ మాట వాడాలో ముందే చెప్పని నాది. అదంతా సరిచేయడానికి నాకు రెండు రోజులు పట్టింది, దానికి ఎవరూ డబ్బివ్వలేదు.

ఆ తర్వాతే లెక్క వేసుకోవడం నేర్చుకున్నాను. క్లయింట్ పదానికి రూ.2 ఇస్తున్నారనుకుందాం. మొత్తం రూ.40,000. అనువాదకులకు రూ.1.10 చొప్పున 22,000, ఎడిటర్‌కు 40 పైసల చొప్పున 8,000 పోగా, మనకు పదానికి 50 పైసలు, అంటే రూ.10,000 మిగులుతుంది. నాలుగో వంతు వచ్చిందని సంతోషపడేముందు గంటలు లెక్కపెట్టాలి. ఒంటరిగా చేస్తే తొమ్మిది రోజులు, 72 గంటలు, గంటకు సుమారు రూ.555. అదే రేటు నిలవాలంటే ఈ పది వేలకు మనం పెట్టగలిగింది 18 గంటలే. పదాల పట్టికకు నాలుగు, సందేహాలు తీర్చడానికి నాలుగు, తుది పరిశీలనకు ఆరు, మొత్తం 14 గంటల్లో ముగిస్తే గంటకు రూ.714 పడుతుంది. మరమ్మతులకు ఇంకో 16 గంటలు పోతే అది రూ.333కు దిగుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడే నయమనిపిస్తుంది. అందుకే ఆ యాభై పైసలను నేను కమిషన్ అనుకోను. పని పాడవకుండా చూసినందుకు వచ్చే కూలి అది.

ఇప్పుడు మొదటి రోజు అనువాదం మొదలే పెట్టం. పత్రమంతా చదివి, అర్థం మారితే నష్టం తెచ్చే అరవై డెబ్భై మాటలు ఏరి, ఒక్కోదానికి ఒక్క తెలుగు మాట ఖాయం చేసి, క్లయింట్‌తో ఒప్పిస్తాను. పాఠకుణ్ని ‘మీరు’ అనాలా, ‘పాలసీదారు’ అనాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకుంటాం. రెండో రోజు సాయంత్రానికి ఇద్దరూ తలా 500 పదాలు పంపాలి. దారి తప్పితే అక్కడే తెలిసిపోతుంది, పదివేల పదాలయ్యాక కాదు. మూడో రోజు నుంచి ఎడిటర్ వాళ్ల వెనకే దిద్దుకుంటూ వస్తారు. అనువదించినవాళ్లే ఎడిటర్‌గా ఉండకూడదు. మన వాక్యంలో మన కన్ను తప్పును దాటేస్తుంది. దిద్దిన ప్రతిని అనువాదకులకు తప్పకుండా చూపిస్తాను. తప్పుల్ని అర్థం, పదం, భాష అని మూడు వరుసల్లో లెక్కిస్తాం. అర్థం వరుస రెండో పత్రంలోనూ తగ్గకపోతే, ఆ మనిషికి ఈ రకం పని పడదన్నమాట. చివరగా అంకెలు, తేదీలు, పేర్లు అన్నిటినీ, మిగతా పాఠంలో అక్కడక్కడా పదో వంతును నేను చూస్తాను.

డబ్బు విషయంలో ఒకటే నియమం: క్లయింట్ ఆలస్యం చేసినా వాళ్లకు చెప్పిన తేదీన డబ్బు అందాలి. అంటే ఈ పని ఒప్పుకునే ముందే రూ.30,000 మన దగ్గర ఉండాలి, లేదంటే క్లయింట్‌నుంచి అడ్వాన్స్ తీసుకోవాలి. ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. జీఎస్టీకి చూసేది మనకు మిగిలింది కాదు, మన బిల్లుల మొత్తం. తెలుగు రాష్ట్రాల్లో సేవలు చేసేవారికి ఏడాదికి రూ.20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. పని పంచుకునేవాళ్లు ఆ గీతను త్వరగా చేరుకుంటారు.

పని పంచేముందు క్లయింట్‌తో రాసుకున్న గోప్యతా ఒప్పందం చదవండి. రాతపూర్వక అనుమతి లేకుండా వేరేవాళ్లకు ఇవ్వకూడదన్న షరతు వాటిలో తరచూ ఉంటుంది. ఎడిటర్‌తో సహా ఎవరెవరు చేస్తున్నారో చెప్పి అడిగితే, నా అనుభవంలో కాదన్నవాళ్లు తక్కువ. మనతో చేసేవాళ్లతోనూ కాగితం ఉండాలి. వాళ్లు మన ఉద్యోగులు కారు కాబట్టి, రాసి సంతకం చేసి ఇచ్చేదాకా అనువాదం మీద హక్కు వాళ్లదే. ఆ కాగితంలో కాలం రాయకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం బదిలీ ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. క్లయింట్ విదేశీ కంపెనీ అయితే ఆ రెండు ఖాళీలనూ పని మొదలవకముందే నింపించుకోవాలి.