తల మనది - కోటు స్టూడియోది

పొన్నూరులో జి.బి.సి. రోడ్డు పొడుగునా ఫోటో స్టూడియోలకి కరువు లేదు. ఒకప్పుడు స్టూడియో అంటే లోపలి గదిలో మేకుకి ఓ నల్లకోటు, ముడి వేసి ఉంచిన టై వేలాడుతూ ఉండవలసిందే. ఆ ఒక్క కోటే పట్టభద్రులందరికీ సరిపోయేది. వదులైతే వీపువైపు క్లిప్పు పెట్టేవారు. ఇప్పుడా కోటు కంప్యూటరులోకి వెళ్ళిపోయింది. దాన్ని మనిషికి ఎలా తొడుగుతారో చూసే యోగం, మా మేనల్లుడి పుణ్యమా అని, నాకు పట్టింది.

కుర్రవాడు ఇంజనీరింగు ప్యాసయ్యాడు. ఉద్యోగాల పోర్టల్లో పేరు నమోదు చేసుకుని, ఫోటో పెట్టాలి. అంతకు వారం ముందే తల్లి మొక్కు తీర్చడానికి తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చాడు. "గుండుతో ఎలా, మామయ్యా?" అని మొహం వేలాడేశాడు. ఉన్నవల్లా పెళ్ళిపందిట్లో టీషర్టుతో దిగిన ఫోటోలు. సరే, వాటినే తీసుకుని స్టూడియోకి వెళ్ళాం.

స్టూడియో యజమాని మూడు ఫోటోలు చూసి రెండు పక్కన పెట్టేశాడు. ఒకదాంట్లో తల ఓ పక్కకి వాలింది. ఇంకోదాంట్లో స్నేహితుడి చెయ్యి మెడమీద పడింది. "తల నిటారుగా ఉండాలి, మెడ మొదలంటా కనిపించాలి బాబాయిగారూ. మెడ లేకపోతే కాలరు ఎక్కడ కూర్చుంటుంది?" అన్నాడు. వాట్సాపులో వచ్చిన ఫోటో నలిగిపోయి ఉంటుందని, ఫోనులోని అసలు ఫోటోనే అడిగి తీసుకున్నాడు.

తల, మెడ కత్తిరించడం క్షణంలో అయింది. జుట్టు అంచుల దగ్గర మాత్రం పావుగంట పట్టింది. పందిరిగుడ్డ ఆకుపచ్చ వెంట్రుకలకి అంటుకుంది; నెత్తిన ఓ అక్షింత కూడా మిగిలింది! అవి తుడిచి, కోటు బొమ్మ తెచ్చి, మెడని కాలరు వెనక్కి దించాడు. చూద్దును గదా, భుజాలమీద గుమ్మడికాయ పెట్టినట్టుంది. "భుజాల వెడల్పు ముఖానికి రెండున్నర నుంచి మూడు రెట్లుండాలి. ఇక్కడ రెండే వచ్చింది," అంటూ తలని తగ్గించాడు. మనిషి రూపం వచ్చింది.

అయినా ఏదో తేడా. కారణం వెలుతురు. ముఖానికి వెలుగు ఎడమనించి పడుతోంది, కోటుకి కుడినించి. "కోటుని అద్దంలోలా తిప్పేస్తే సరి!" అని నేను సలహా పారేశాను. తిప్పి చూపించాడు. వెలుగు కుదిరింది గాని, గుండె మీది జేబు కుడివైపుకి పోయింది. మగవాళ్ళ కోటులో పైన ఉండవలసిన ఎడమ అంచు కిందికి పోయింది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళలో ఒక్కడికి తెలిసినా నవ్వులపాలే.

ఇలాంటి పొరపాటు అమెరికాలోనూ జరిగింది. 1860ల్లో లింకన్ నిలువెత్తు చిత్రం ఒకటి ముద్రించారు. తల లింకన్‌ది, దేహం కాల్హూన్ అనే నాయకుడి పాత చిత్రంలోది. ఆయన బానిసత్వాన్ని సమర్థించినవాడు కావడం వింత! తలని తిప్పి అతికించడంవల్ల లింకన్ పుట్టుమచ్చ రెండో చెంపకి మారింది. చివరికి గుట్టు బయటపెట్టింది ఆ మచ్చే.

మావాడికి వేరే కోటు వెతికారు. పందిరి దీపాలకి పచ్చబడిన ముఖాన్ని చొక్కా తెలుపుకి తగ్గట్టు సరిచేసి, గడ్డం కింద కాలరుమీద పలచగా నీడ వేశాడు. ఆ నీడ లేకపోతే తల గాలిలో తేలుతుందట. ముఖం కన్నా కోటు మరీ స్పష్టంగా ఉంటే దాన్నీ కొంచెం మసక చేశాడు. ముఖాన్ని మాత్రం ముట్టుకోలేదు. "నునుపు చేస్తే రేపు ఎదురుగా కూర్చున్నది ఇంకొకడనుకుంటారు," అన్నాడు. చివరికి 400 పిక్సెళ్ళ చదరంలో, గుండ్రంగా కత్తిరించినా భుజాలు పోకుండా అమర్చి, బొటనవేలి గోరంత చేసి ఒకసారి, తెరనిండా పెంచి ఒకసారి చూశాడు.

"స్టాఫ్ సెలక్షన్ దరఖాస్తుకీ ఇదే పెట్టేస్తా," అన్నాడు మేనల్లుడు.

"పెట్టకండి. వాళ్ళు 2024 నుంచి దరఖాస్తు చేసేటప్పుడే కెమెరా ముందు కూర్చోమంటున్నారు. పాస్‌పోర్టుకీ దిద్దిన ఫోటో పనికిరాదు. ఇది పోర్టలు దాకానే."

అదీగాక, పొన్నూరు ఎండలో కోటేమిటని నాకో సందేహం. ఇస్త్రీ చేసిన లేతనీలం చొక్కా అయితే చాలదూ? ఆ మాటే అంటే, అదీ తొడిగి చూపించాడు. నిజానికి అదే బాగుంది. కుర్రవాడు రోజూ ఆఫీసుకి వెళ్ళేవాడిలా కనిపించాడు. పోర్టల్లో దాన్నే పెట్టించాను.

కోటు ఫోటో మాత్రం వృథా పోలేదు. సాయంత్రం అది చూసిన మా అక్కయ్య, "పెద్ద సైజులో రెండు వేయించరా, సంబంధాలవాళ్ళకి పనికొస్తాయి," అంది. మర్నాడు మళ్ళీ స్టూడియోకి వెళ్ళాను. ఆయన సంగతి విని, "వాళ్ళు పెళ్ళిచూపులకి ఎప్పుడొస్తున్నారు? అప్పటికి జుట్టు మొలుస్తుందా?" అని అడిగాడు.