అయిదు పరిశోధనలు, ఒక్క పేరా

మాధ్యమిక స్థాయి విజ్ఞానశాస్త్రంలో నిర్మాణాత్మక మూల్యాంకనం మీద ఎంఈడీ విద్యార్థి రాసిన సిద్ధాంత వ్యాసం తీసుకుని రెండో అధ్యాయం తెరవండి. చాలాసార్లు ప్రతి పేరా ఒక పేరుతో మొదలై, బ్రాకెట్లో సంవత్సరంతో సాగి, ‘అని కనుగొన్నారు’తో ముగుస్తుంది. పేరాల వరుస మార్చినా అర్థం మారకపోతే అది సమీక్ష కాదు, జాబితా.

జాబితా సమీక్షగా మారేది పరిశోధనలు ఒకదానితో ఒకటి విభేదించే చోట. ఈ అంశంలో ఆ విభేదం కళ్లెదుటే ఉంది. 1998లో పాల్ బ్లాక్, డిలన్ విలియం సుమారు 250 ప్రచురణలను పరిశీలించి, పాఠం నడుస్తుండగానే పిల్లల అవగాహన తెలుసుకుని బోధనను సరిచేసుకుంటే గణనీయమైన లాభం ఉందన్నారు. దాన్ని 0.4 నుంచి 0.7 ఎఫెక్ట్ సైజ్‌గా చెప్పారు. అంటే రెండు తరగతుల సగటుల మధ్య తేడా, మార్కుల ప్రామాణిక విచలనంలో దాదాపు సగం. 2011లో కింగ్‌స్టన్, నాష్ మెటా అనాలిసిస్ చేశారు. మూడొందలకు పైగా అధ్యయనాలు చూస్తే లెక్కకు పనికొచ్చినవి 13 మాత్రమే. మొత్తం మీద సగటు 0.20 వచ్చింది, విజ్ఞానశాస్త్రంలోనైతే 0.09.

‘ఈ విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి’ అని రాసి వదిలేస్తే లాభం లేదు. ఎందుకు భిన్నంగా వచ్చాయో అడగాలి. అందుకు ఒక పెద్ద కాగితం మీద పట్టిక గీసుకోవాలి. అడ్డంగా ఒక్కో వరుస ఒక్కో పరిశోధనకు. నిలువు గడులకు పేర్ల బదులు ప్రశ్నలు పెట్టాలి: టీచర్ నిజంగా ఏం చేశారు? పిల్లల జవాబును బట్టి తర్వాతి పాఠం మారిందా? ఫలితాన్ని దేనితో కొలిచారు? ఎవరితో పోల్చారు?

ఇప్పుడు రెండు వరుసలు నింపుదాం. లండన్ కింగ్స్ కాలేజీ బృందం ఆరు బడుల్లో 24 మంది సైన్స్, లెక్కల టీచర్లతో పనిచేసి 2004లో ప్రకటించిన ఫలితం 0.32. అక్కడ టీచర్లు తమకు నచ్చిన పద్ధతులు ఎంచుకుని నెలల తరబడి మెరుగుపరుచుకున్నారు. కొలత ఎక్కువగా బడి పరీక్షలే, పోలిక అందుబాటులో ఉన్న తరగతులతోనే. షావెల్సన్ బృందం అమెరికా మిడిల్ స్కూళ్లలో ‘వస్తువులు ఎందుకు మునుగుతాయి, ఎందుకు తేలుతాయి’ అనే పాఠాల మధ్య తాము తయారుచేసిన ప్రశ్నలు చొప్పించింది. పన్నెండు మంది టీచర్లలో సగం మంది అవి వాడారు, సగం మంది వాడలేదు. 2008లో వచ్చిన ఫలితం: చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకే గుంపులోని టీచర్ల మధ్య మాత్రం తేడాలు బాగా కనిపించాయి.

ఆ తేడా ఎక్కడిదో చెప్పేది మూడో వరుస. అదే ప్రాజెక్టులోని మూడు తరగతుల సంభాషణలను రూయిజ్-ప్రీమో, ఫర్టాక్ 2007లో విశ్లేషించారు. టీచర్ అడగడం, విద్యార్థి చెప్పడం, టీచర్ దాన్ని గుర్తించడం, ఆ జవాబును పాఠంలో వాడుకోవడం... ఇవీ వాళ్లు చూసిన నాలుగు మెట్లు. నాలుగో మెట్టు దాకా తరచుగా వెళ్లిన టీచర్ పిల్లలే మెరుగ్గా చేశారు. ‘రాయి బరువుగా ఉంది కాబట్టి మునిగింది’ అని పిల్లవాడంటే, ‘సరే, ఇంకెవరు చెప్తారు?’ అనడం మూడో మెట్టు దగ్గరే ఆగడం. ‘మరి అంతకంటే బరువైన దుంగ ఎందుకు తేలింది?’ అని అడిగితే అది నాలుగో మెట్టు.

ఇక పేరా ఇలా రాయొచ్చు: “ప్రశ్నలు తరగతికి చేరినంత మాత్రాన ఫలితం రాలేదు (షావెల్సన్ తదితరులు, 2008). జవాబు బోధనను మార్చినచోట మెరుగుదల కనిపించింది (రూయిజ్-ప్రీమో, ఫర్టాక్, 2007), అయితే ఆధారం మూడు తరగతులే. టీచర్లకు దీర్ఘకాలం మద్దతు దొరికినచోట లాభం నమోదైంది (విలియం తదితరులు, 2004), కానీ అక్కడ పోలిక అంత పటిష్ఠం కాదు.” మొదట వాదన, బ్రాకెట్లో పేరు. పేరాల వరుస ఇక మార్చలేం.

పట్టిక బయటపెట్టే సంగతి మరొకటుంది. 1998 సమీక్ష, కింగ్స్ అధ్యయనం రెండింట్లోనూ బ్లాక్, విలియం ఉన్నారు. 2007 పత్రం షావెల్సన్ ప్రాజెక్టులోంచే పుట్టింది. వీటిని నాలుగు స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కపెట్టకూడదు.

మన రాష్ట్రాల్లో సమీక్ష రాసేవారికి ఇంకో గడి అవసరం. ఇక్కడ ఎఫ్‌ఏ-1, ఎఫ్‌ఏ-2 అంటే మార్కులు పడే పరీక్షలుగానే చాలామందికి తెలుసు. అలాంటి ఎఫ్‌ఏ మీద చేసిన అధ్యయనాన్ని పై వాటి పక్కన పెట్టేముందు, మార్కులిచ్చాక టీచర్ ఆ జవాబుపత్రాలతో ఏం చేశారో చూడాలి. ఆ వివరమే లేకపోతే ‘జవాబు బోధనను మార్చిందా’ అన్న గడిలో ‘చెప్పలేదు’ అని రాయండి. కాఫీ, హామర్ బృందం 2011లో అడిగిన ప్రశ్నను కూడా చేర్చండి: టీచర్ విన్నది జవాబు తప్పొప్పులనేనా, దాని వెనుక పిల్లవాడి శాస్త్రీయ ఆలోచననా? ఏ గడి నిలువునా ‘చెప్పలేదు’తో నిండిందో, మీ పరిశోధన ప్రశ్న అక్కడే ఉంది.