బిల్లు మీదికి ధర ఎలా వస్తుంది?

విజయవాడలో ఒక డీలరు 400 సీలింగ్ ఫ్యాన్లకు ఆర్డరు పెట్టాడనుకుందాం. కంపెనీ ధరల పట్టికలో ఫ్యాను 2,000 రూపాయలు. ఈ డీలరుతో విడిగా కుదుర్చుకున్న ధర 1,850. పైగా ఏడాది పొడవునా ఆయనకు 5 శాతం తగ్గింపు ఉంది. దసరాకు ఆ మోడల్ మీద అందరికీ 10 శాతం ఆఫర్ కూడా నడుస్తోంది. బిల్లులో ఎంత పడాలి?

శాప్ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో అసలు ధరకు PR00 అని పేరు. దాన్ని వెతకడానికి ఒక వరుస ఉంటుంది. ముందు ఈ డీలరుకు, ఈ వస్తువుకు కలిపి రాసిన ధర ఉందేమో చూస్తుంది. లేకపోతే ఆయన ఏ ధరల పట్టిక కిందికి వస్తాడో చూస్తుంది. అదీ లేకపోతే వస్తువు సాధారణ ధర తీసుకుంటుంది. ఎక్కడ దొరికితే అక్కడ ఆగిపోతుంది. మన డీలరుకు తొలి మెట్టులోనే 1,850 దొరికింది కాబట్టి 2,000 దాకా వెళ్లనే వెళ్లదు.

తక్కువ ధరే ఎంపికవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, ఆ ఖాతాదారు కోసం ప్రత్యేకంగా రాసిన ధర ఎంపికవుతుంది. రేపు కంపెనీ పట్టిక ధరను 1,800కు దించి, డీలరు పేరిట ఉన్న పాత ధరను అలాగే వదిలేస్తే, ఆ నమ్మకమైన ఖాతాదారే అందరికన్నా 50 రూపాయలు ఎక్కువ కడతాడు. ప్రత్యేక ధర రాసిన రోజునే దాని గడువు తేదీ కూడా రాయాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

తగ్గింపుల పద్ధతి వేరు. డీలరు తగ్గింపు K007 ఒక రకం, పండగ ఆఫర్ మరో రకం. ఒక్కో రకానికి వెతుకులాట విడిగా సాగుతుంది కాబట్టి, ఆపమని చెప్పకపోతే రెండూ పడతాయి. రెండు శాతాలనూ 1,850 మీదే లెక్కిస్తే ఫ్యాను 1,572.50కి వస్తుంది. ముందు 5 శాతం తీసి, మిగిలినదాని మీద 10 శాతం తీస్తే 1,581.75. ఏ మొత్తం మీద శాతం లెక్కించాలో ధర లెక్కింపు వరుసలో ముందే నిర్ణయించి ఉంచుతారు.

రెండింటిలో పెద్దది ఒక్కటే ఇవ్వాలన్నది కంపెనీ ఉద్దేశమైతే, ఆ రెండు రకాలనూ ఒక మినహాయింపు గుంపులో చేర్చి, ఎక్కువ లాభమిచ్చేదే ఉంచమనాలి. అప్పుడు ధర 1,665. ఆ గుంపు పెట్టడం మరిచిపోయి రెండు శాతాలూ 1,850 మీదే పడితే ఫ్యానుకు 92.50 చొప్పున ఈ ఒక్క ఆర్డరులోనే 37,000 రూపాయలు అదనంగా పోతాయి. ఎక్కడా ఎర్ర గుర్తు రాదు, బిల్లు చక్కగా అచ్చవుతుంది.

అనుమానం వస్తే ఆర్డరులో ఆ వస్తువు వరుస తెరిచి, ధరల పేజీలో విశ్లేషణ బటన్ నొక్కాలి. ఏ రకం కోసం ఏ మెట్టులో వెతికిందో, ఎక్కడ దొరికిందో, ఏది ఎందుకు పక్కన పెట్టిందో వరుసగా చూపిస్తుంది. ఆర్డరులో ఆ వస్తువు ధర నిర్ణయ తేదీ కూడా చూడండి. ఆఫర్ ముగిసిన మర్నాటి తేదీ ఉంటే 10 శాతం అసలు కనబడదు.