భాగహారంలో జారిపోయిన సున్నా

ఈ మాస్టారు కథలోని మనిషి. ఆయన దగ్గరికి వచ్చిన పిల్లలు మాత్రం మన ఊళ్లలో ఉన్నారు. అందుకే ఈ కథ చెబుతున్నాను.

వినుకొండలో జిల్లా పరిషత్ హైస్కూలు లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక, మనవరాలి బలవంతం మీద ఆయన యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టారు. పదో తరగతి త్రికోణమితి చెప్పారు, వర్గ సమీకరణాలు చెప్పారు. నూటికి నూరు తెచ్చుకునే పిల్లలే చూస్తారని ఆయన లెక్క. కానీ వాళ్లకు కోచింగులున్నాయి, గైడ్లున్నాయి. ఈయన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

ఒకరోజు సగటు పాఠంలో ఒక లెక్క చివర 612ని 6తో భాగించాల్సి వచ్చింది. అలవాటు కొద్దీ ప్రతి మెట్టూ పైకి చెబుతూ బోర్డు పక్కన చేశారు. కొన్నాళ్లకు మనవరాలు ఫోన్ తెచ్చి, "తాతయ్యా, ఈ గీత చూడు" అంది. వీడియోలో ఏ క్షణం దాకా ఎంతమంది చూస్తున్నారో యూట్యూబ్ ఒక గీతగా చూపిస్తుంది. జనం వెళ్లిపోతున్నకొద్దీ అది కిందికి దిగుతుంది. ఎక్కడైనా వెనక్కి జరిపి మళ్లీ చూస్తే అక్కడ పైకి లేస్తుంది. ఈ వీడియోలో గీత లేచింది సగటు సూత్రం దగ్గర కాదు, పక్కన చేసిన ఆ భాగహారం దగ్గర.

తరవాత మాచర్ల నుంచి ఒక ఐటీఐ కుర్రాడు ఫోన్ చేశాడు. "సార్, నేను పది పాసయ్యాను. భాగహారం మాత్రం రాదు. ఎవర్నైనా అడగాలంటే సిగ్గు" అన్నాడు.

అతను ఒంటరివాడు కాదు. పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద 2023లో అసర్ సర్వే జరిగింది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటే సరిగ్గా చేసినవాళ్లు నూటికి 43 మందే. అది నాలుగో తరగతి దాటేసరికి రావలసిన లెక్క.

మాస్టారు ఆ కుర్రాడి చేత ఫోన్లోనే 612 లెక్క చేయించారు. జవాబు 12 అన్నాడు. ఎలా వచ్చిందంటే, ఆరొకట్ల ఆరు, పైన 1 వేశాడు. తరవాతి 1ని కిందికి దించాడు. ఒకటిలో ఆరు పోదు కాబట్టి పైన ఏమీ రాయకుండా 2 కూడా దించేశాడు. ఆర్రెండ్ల పన్నెండు, పైన 2. ఎక్కాలు తప్పలేదు, తీసివేత తప్పలేదు. పదుల స్థానంలో సున్నా పెట్టలేదు, అంతే. పోదు అనగానే రాయడానికి ఏమీ లేదనుకున్నాడు.

మాస్టారు ఆ లెక్కను డబ్బులోకి మార్చారు. ఆరు వంద నోట్లు, ఒక పది నోటు, రెండు రూపాయి బిళ్లలు. ఆరుగురికి పంచాలి. తలా ఒక వంద వచ్చింది. పది నోటు ఒక్కటే ఉంది, ఆరుగురికి రాదు. అంటే పది నోట్లు ఎవరికీ లేవు, అక్కడ సున్నా రాయాలి. ఆ నోటును చిల్లర మారిస్తే మొత్తం పన్నెండు రూపాయలు, తలా రెండు. వంద, సున్నా పదులు, రెండు: 102. "తలా వంద చేతికొచ్చాక మొత్తం పన్నెండే అవుతుందా, నాయనా?" అని అడిగారు. ఆ ప్రశ్న దగ్గర కుర్రాడికి తప్పు తనకు తానే దొరికింది.

అప్పటినుంచి మాస్టారు పదో తరగతి పాఠాలు పక్కన పెట్టి ఒక్కో వీడియోలో ఒక్కో తప్పు తీసుకున్నారు. నా దృష్టిలో ఆయన చేసిన అసలు పని అదే. వెనకబడిన పిల్లలకు సిలబస్ మొత్తం మళ్లీ చెబితే లాభం లేదు. ఎక్కడ జారిపోయారో ఆ మెట్టు చూపించాలి. తెర మీదైతే పదిసార్లు వెనక్కి తిప్పుకున్నా నవ్వేవాళ్లుండరు.

కానీ వీడియోకు పిల్లవాడి నోటుబుక్కు కనబడదు. చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటే రాదు. అందుకని మాస్టారు జవాబులోనే తప్పు బయటపడే లెక్కలు ఇచ్చేవారు. 4235ని 7తో భాగించమనేవారు. 605 వస్తే సరే. 65 వస్తే సున్నా జారిందన్నమాట, ఆ వీడియో మళ్లీ చూడాలి. వేరే ఏదైనా వస్తే తప్పు ఎక్కాల్లోనో తీసివేతలోనో ఉంది, దానికి వేరే వీడియో.

మీ ఇంట్లో హైస్కూలు పిల్లలుంటే ఇవాళ 618ని 6తో భాగించమనండి. 103 బదులు 13 వస్తే కోప్పడకండి. పదమూడార్లు ఎంతో వాళ్లనే చూడమనండి. 78 వచ్చాక, ఆరు వంద నోట్లు, ఒక పది నోటు, ఎనిమిది రూపాయి బిళ్లలు ముందు పెట్టి, ఆరుగురికి పంచమనండి.